విదేశీ సహోద్యోగిని మెయిల్‌లో అడగడమెలా

ఇంగ్లీషు వాక్యం నేరుగా క్రియతో మొదలైతే అది ఆజ్ఞ. ముందు ‘ప్లీజ్’ చేర్చినా దాని స్వభావం మారదు. మర్యాదగా ఇచ్చిన ఆజ్ఞ అవుతుంది, అంతే. హైదరాబాద్‌లోని సాఫ్ట్‌వేర్ ఇంజినీరు మాంచెస్టర్‌లోని సహోద్యోగికి ‘ప్లీజ్ సెండ్ ది లాగ్ ఫైల్స్ టుడే’ అని రాసినప్పుడు వ్యాకరణ దోషం ఏమీ లేదు, దురుద్దేశమూ లేదు. రాసినవారికి అది వినయంగానే ఉంటుంది. చదివినవారికి మాత్రం, తన పై అధికారి కానివారెవరో తనకు పని పురమాయించినట్టు తోస్తుంది. ఈ తేడా మనుషుల మంచి చెడ్డల వల్ల వచ్చింది కాదు. ఏ భాష మర్యాదను వాక్యంలో ఎక్కడ దాచుకుంటుందన్న దాని వల్ల వచ్చింది.

తెలుగులో మర్యాద క్రియ చివర ఉంటుంది. ‘పంపు’ అంటే ఒకటి, ‘పంపండి’ అంటే ఇంకొకటి. దానికి ‘కాస్త’, ‘ఒకసారి’ లాంటి మాట తోడైతే వాక్యం మరింత మెత్తబడుతుంది. ‘కాస్త ఆ ఫైలు పంపండి’ అని తోటి ఉద్యోగితో అంటే ఎవరూ నొచ్చుకోరు. ఇంకా గౌరవం కావాలంటే ‘పంపగలరు’, ‘పంపవలసిందిగా కోరుతున్నాము’ అనే ఆఫీసు భాష ఉంది. ఇంగ్లీషులో ఈ ఏర్పాటు లేదు. చనువుకు ‘దౌ’, గౌరవానికి ‘యూ’ అనే తేడా ఒకప్పుడు ఉండేది కానీ 17వ శతాబ్దం తర్వాత సాధారణ వాడుక నుంచి జారిపోయింది. పసిపిల్లవాడైనా కంపెనీ ఛైర్మనైనా ఇప్పుడు ‘యూ’ ఒక్కటే, ‘సెండ్’ ఒక్కటే. అందువల్ల మర్యాద భారమంతా వాక్య నిర్మాణం మీద పడింది. ఆజ్ఞను ప్రశ్నగా మార్చడం, ‘కెన్’ను ‘కుడ్’గా మార్చడం, వీలైతేనే అన్న అర్థం చేర్చడం ద్వారా ఇంగ్లీషు ఆ పని చేసుకుంటుంది. తెలుగువారు ‘పంపండి’ని ఇంగ్లీషులోకి తెచ్చేసరికి ‘-అండి’ దారిలోనే రాలిపోతుంది, ‘సెండ్’ మిగులుతుంది. ఆ లోటు ‘ప్లీజ్’తో, ‘కైండ్లీ’తో పూడుతుందనుకోవడం సహజమే, కానీ పూడదు.

ఇది తెలుగువారికే ఎదురయ్యే ఇబ్బంది కాదు. పోలండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన భాషాశాస్త్రవేత్త అన్నా వియర్జ్‌బిట్స్కా 1985లో తన మాతృభాషను ఇంగ్లీషుతో పోల్చి ఇదే చూపించారు. పోలిష్‌లో ఆజ్ఞార్థక క్రియ ఆప్యాయంగా కూడా వినిపిస్తుంది. అదే క్రియ ఇంగ్లీషులోకి వస్తే కటువవుతుంది. ఇంగ్లీషువారి మర్యాదను మనుషులందరి మర్యాదగా లెక్కకట్టడం పొరపాటని ఆమె వాదన. ఆ వాదన సరైనదే. అయినా ఉత్తరం వెళ్ళేది ఆ భాషలో, ఆ పాఠకుడి దగ్గరికి కాబట్టి అక్కడ అది ఎలా వినిపిస్తుందో తెలుసుకోక తప్పదు.

అభ్యర్థన ఎందుకు నొప్పిస్తుందో వివరించే సిద్ధాంతాల్లో ఎక్కువ ప్రచారం పొందినది పెనెలొపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్‌లది. 1978లో దీర్ఘవ్యాసంగా వచ్చి 1987లో పుస్తకమైన ఈ పరిశీలన మూడు భాషల మీద నిలిచింది: ఇంగ్లీషు, మెక్సికోలోని త్సెల్తాల్, తమిళనాడులోని కోయంబత్తూరు జిల్లా గ్రామంలో మాట్లాడే తమిళం. వారి ప్రకారం ప్రతి మనిషికీ రెండు కోరికలుంటాయి: నలుగురూ తనను మెచ్చాలి, తన పనికి ఎవరూ అడ్డు రాకూడదు. అడగడమంటేనే రెండో కోరికకు అడ్డు తగలడం. ఎదుటివారి సమయంలోంచి కొంత తీసుకోవడం. ఆ అడ్డు ఎంత బరువైనదో మూడు విషయాలు తేలుస్తాయి: ఇద్దరి మధ్య పరిచయం ఎంత, ఎవరి హోదా ఎక్కువ, అడుగుతున్న పని ఎంత పెద్దది. బరువు పెరిగేకొద్దీ మాట మెత్తబడాలి. పక్క సీటులోని స్నేహితుడిని పెన్ను అడగడానికి ఉపోద్ఘాతం అక్కరలేదు. ముఖపరిచయం లేని వేరే దేశపు మనిషిని రెండు గంటల పని అడగాలంటే కావాలి.

మరి ఉత్తరంలోని ప్రతి ఆజ్ఞార్థకాన్నీ ఏరిపారేయాలా అంటే, అక్కరలేదు. లాంకస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జెఫ్రీ లీచ్ 1983లో ఇచ్చిన కొలమానం ఇక్కడ పనికొస్తుంది. చెప్పిన పని వల్ల లాభం ఎవరికి, శ్రమ ఎవరికి అని చూడాలి. లాభం వినేవారిదైతే ఆజ్ఞార్థకమే మర్యాద. ఇంటికొచ్చినవారిని ‘ఇంకొంచెం వడ్డించుకోండి’ అనడం లాంటిది. ‘టేక్ యువర్ టైమ్’, ‘లెట్ మి నో ఇఫ్ యూ నీడ్ ఎనీథింగ్’ రెండూ క్రియతో మొదలైనా ఎవరినీ నొప్పించవు. ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎలా పెట్టుకోవాలో అంచెలంచెలుగా చెప్పేటప్పుడు ‘క్లిక్’, ‘సెలెక్ట్’, ‘రీస్టార్ట్’ అనే రాయాలి; అక్కడ ‘కుడ్ యూ క్లిక్’ అంటే చదివేవారు తికమకపడతారు. మార్చవలసింది, శ్రమ అవతలివారిదై లాభం మనదైన చోట ఉన్న ఆజ్ఞలను మాత్రమే. సాధారణ మెయిల్‌లో అలాంటివి ఒకటో రెండో ఉంటాయి.

ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా చూస్తే సంగతి తేటపడుతుంది. హైదరాబాద్ జట్టు శుక్రవారం విడుదల కావలసిన ఒక సవరణను పరీక్షిస్తోంది. అందుకు మాంచెస్టర్ సర్వర్‌లో సోమవారం నమోదైన లాగ్ ఫైళ్ళు కావాలి. ఒకసారి అడిగారు, రాలేదు. బుధవారం ఉదయం వెళ్ళిన మెయిల్‌కు సబ్జెక్ట్ ‘అర్జెంట్’. సీసీలో అవతలి మేనేజర్. లోపల ఇలా ఉంది: ‘డియర్ సర్, యూ హావ్ నాట్ సెంట్ ది లాగ్ ఫైల్స్. వై ఈజ్ ఇట్ డిలేడ్? ప్లీజ్ సెండ్ టుడే ఇట్‌సెల్ఫ్ అండ్ డూ ది నీడ్‌ఫుల్.’

మొదటి వాక్యమే వేలెత్తి చూపుతోంది. ‘యూ’ పక్కనే ‘నాట్’ వస్తే అది ఇంగ్లీషులో నేరారోపణలా వినిపిస్తుంది. ఫైళ్ళు రాలేదన్న వార్త వెనక్కిపోయి, పంపని మనిషి ముందుకొస్తాడు. రెండో వాక్యం సంజాయిషీ అడుగుతోంది. ‘వై’తో మొదలయ్యే ప్రశ్న తెలుగులో ‘ఎందుకు ఆలస్యమైందో’ అన్నంత సాదాగానే పుట్టి ఉండవచ్చు, కానీ బ్రిటన్‌లో ఆ ప్రశ్న వేసే అధికారం ఉన్నది పైవారికే. మూడోది శుద్ధ ఆజ్ఞ. ‘టుడే ఇట్‌సెల్ఫ్’ తెలుగులోని ‘ఈరోజే’కి నకలు, ఇంగ్లీషు పాఠకుడికి ఆ ఒత్తు కోపంలా తగులుతుంది. ‘డూ ది నీడ్‌ఫుల్’ బ్రిటన్‌లోనే పుట్టిన పాత ఆఫీసు పలుకుబడి. భారతీయ కార్యాలయాల్లో అది సజీవంగా ఉంది కానీ పుట్టినచోట దాదాపు మరుగున పడింది. పైగా చేయవలసిన పని ఏదో అది చెప్పదు. ‘నువ్వే కనుక్కో’ అన్నట్టుంటుంది. ‘డియర్ సర్’ అనే అతి దూరపు పిలుపు పక్కన ఈ ఆజ్ఞలన్నీ ఇంకా బిగుసుకుపోతాయి. సీసీలో మేనేజర్ పేరు చూడగానే ఇది ఫిర్యాదని చదివేవారు తేల్చుకుంటారు.

అదే సంగతిని ఇలా రాయవచ్చు. సబ్జెక్ట్: ‘మండే సర్వర్ లాగ్స్, నీడెడ్ బై థర్స్‌డే 12:00 యూకే టైమ్’. ‘హాయ్’ తర్వాత మొదటి పేరు. ఆపై: ‘వుయ్ ఆర్ టెస్టింగ్ ది ఫిక్స్ ఫర్ ఫ్రైడేస్ రిలీజ్, అండ్ మండేస్ లాగ్స్ హావెంట్ రీచ్డ్ అస్ యెట్. కుడ్ యూ సెండ్ దెమ్ బై థర్స్‌డే 12:00 యూకే టైమ్? వుయ్ కాంట్ సైన్ ఆఫ్ ది ఫిక్స్ వితౌట్ దెమ్. ఇఫ్ దట్స్ డిఫికల్ట్, లెట్ మి నో హూ ఎల్స్ ఐ కుడ్ ఆస్క్.’ చివర ‘థాంక్స్’. సీసీలో ఎవరూ లేరు.

ఇక్కడ ముందుగా కారణం వచ్చింది. కారణం తెలిసిన పనిని మనిషి తన పనిగా తీసుకుంటాడు. తెలియని పని పెత్తనంలా ఉంటుంది. రెండో మార్పు కర్తలో ఉంది. ‘మీరు పంపలేదు’ పోయి ‘లాగ్‌లు మాకు ఇంకా అందలేదు’ వచ్చింది. ఇది నిజాన్ని దాచడం కాదు, ఎక్కువ నిజం కూడా. వాళ్ళు పంపారో లేదో హైదరాబాద్‌కు తెలియదు. పంపిన ఫైలు పెద్దదై మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు. అందలేదన్నది మాత్రం ఖాయం. ఆ తర్వాతే అభ్యర్థన, అదీ ప్రశ్న రూపంలో. చివరి వాక్యం తప్పుకునే దారి చూపుతోంది. కాదనే వీలున్నవారే ఇష్టంగా ఔనంటారు. అంతేకాక, కుదరకపోతే ఎవరిని అడగాలో తెలిసే లాభం కూడా హైదరాబాద్‌కు దక్కుతుంది.

గడువు మాత్రం మెత్తబడలేదన్నది ముఖ్యం. మొదటి మెయిల్‌లోని ‘ఈరోజే’ కంటే ఇప్పుడది ఇంకా గట్టిగా ఉంది. మాంచెస్టర్‌లో వేసవి సమయం నడిచే మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా మధ్యాహ్నం 12 అంటే హైదరాబాద్‌లో సాయంత్రం 4:30. మిగతా నెలల్లో 5:30. ‘టుడే’ అని రాస్తే ఎవరి ఈరోజో తెలియదు. ‘ఈఓడీ’ అంటే మాంచెస్టర్ పనిదినం ముగిసేసరికి హైదరాబాద్‌లో రాత్రి భోజనాల వేళ దాటుతుంది. గడువును అవతలివారి గడియారంతో చెప్పడం మర్యాదా అవుతుంది, పనీ జరుగుతుంది. మెత్తదనం అడిగే క్రియకు చెందాలి. ఏమిటి, ఎప్పటికి, ఎందుకు అనే మూడింటికీ అంటకూడదు. స్వరం మార్చుకోవడంలోని కిటుకంతా ఇందులోనే ఉంది.

ఈ గీత దాటితే రెండో రకం తప్పు జరుగుతుంది. కటువుగా ఉన్నామేమోనన్న భయంతో కొందరు ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ మైట్ పాసిబ్లీ, వెనెవర్ యూ గెట్ ఎ ఛాన్స్’ అని రాస్తారు. రోజూ పలకరించుకునే తోటివారిని చిన్న ఫైలు అడగడానికి ఇంత సాగదీస్తే అది వ్యంగ్యంలా వినిపించవచ్చు. అంతకంటే పెద్ద నష్టం, ‘వెనెవర్’ అన్న మాట గడువును మింగేస్తుంది. వచ్చే జవాబు ‘ష్యూర్, విల్ హావ్ ఎ లుక్’ అని తేదీ లేకుండా ఉంటే మెయిల్ అతిగా మెత్తబడిందని గుర్తు.

ఇదే సంగతి ఎదురు దిక్కున కూడా పనిచేస్తుంది, దీన్ని మన ఆఫీసుల్లో తక్కువగా గమనిస్తారు. బ్రిటిష్ మేనేజర్ ‘ఇఫ్ యూ హావ్ ఎ మోమెంట్, కుడ్ యూ టేక్ ఎ లుక్ ఎట్ దిస్?’ అని రాస్తే అది సాధారణంగా ఐచ్ఛికం కాదు, చేయమనే అర్థం. తీరిక దొరికితే చూద్దామని పక్కన పెట్టినవారు, రెండు రోజుల తర్వాత ఆ పని ఏమైందని అడిగితే ఆశ్చర్యపోతారు. ప్రశ్న రూపాన్ని రాయడం ఎంత అవసరమో, చదివేటప్పుడు దాని అసలు బరువు పోల్చుకోవడమూ అంతే అవసరం.

‘ప్లీజ్’ విషయంలో ఇంగ్లీషు మాట్లాడే దేశాలే ఏకాభిప్రాయంతో లేవు. బ్రిటన్, అమెరికా ఆఫీసు మెయిళ్ళను పోల్చిన లిన్ మర్ఫీ, రచెల్ డె ఫెలీచెల పరిశీలన ప్రకారం, అభ్యర్థనల్లో బ్రిటిష్‌వారు ఆ మాటను అమెరికన్ల కంటే సుమారు రెట్టింపు వాడతారు. బ్రిటన్‌లో అది చిన్నచిన్న అభ్యర్థనలకు అలవాటుగా అంటుకునే మాట. అమెరికాలో సమానుల మధ్య అది కొన్నిసార్లు తొందరపెట్టినట్టు, పైనుంచి చెప్పినట్టు వినిపిస్తుంది. కాబట్టి అమెరికన్ సహోద్యోగికి ‘కుడ్ యూ సెండ్’ అని రాసి చివర ‘థాంక్స్’ అంటే చాలు. బ్రిటిష్ సహోద్యోగికి ‘కుడ్ యూ ప్లీజ్ సెండ్’ బాగుంటుంది. ‘కైండ్లీ’ని రెండుచోట్లా వదిలేయడం మేలు, భారతీయ ఇంగ్లీషులో అది వినయం, అక్కడ నోటీసు బోర్డు భాష.

ఇంగ్లీషు మాతృభాష కానివారికి రాసేటప్పుడు లెక్క మళ్ళీ మారుతుంది. జర్మన్లు అడగడంలో ఇంగ్లీషువారికంటే సూటిగా ఉంటారని, మనిషి చుట్టూ కాక విషయం చుట్టూ మాట తిప్పుతారని హాంబర్గ్ విశ్వవిద్యాలయ భాషాశాస్త్రవేత్త యూలియానె హౌస్ పరిశోధనలు చూపాయి. తెలుగులోలాగే జర్మన్‌లోనూ ‘మీరు’, ‘నువ్వు’ వేర్వేరు; ‘కాస్త’ లాంటి చిన్న మాటలు ఆజ్ఞను మెత్తబరుస్తాయి. మ్యూనిక్ నుంచి వచ్చిన మెయిల్ పొడిగా ఉంటే కోపమని అనుకోనక్కరలేదు. అదే కారణంతో ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు వారి మర్యాద కూడా దారిలో రాలిపోయి ఉండవచ్చు. వారికి రాసేటప్పుడు ఒక్క ‘కుడ్ యూ’ చాలు, మిగతా చోటు వివరాలకు ఇవ్వాలి. మూడు షరతులు గుచ్చిన వాక్యం వారికి మర్యాదగా కాక అస్పష్టంగా కనిపిస్తుంది.

జపాన్‌లో మర్యాద వేరే పునాది మీద నిలిచింది. యోషికో మత్సుమొతో 1988లో, సచికో ఇదే 1989లో బ్రౌన్, లెవిన్సన్‌ల సిద్ధాంతాన్ని ఈ కోణంలోనే విమర్శించారు. అక్కడ మర్యాద అంటే ఎదుటివారి స్వేచ్ఛకు అడ్డురాకపోవడం కంటే, ఎవరి స్థానం ఏమిటో గుర్తెరిగి మాట్లాడడం. జపనీయుల వ్యాపార లేఖలో విషయానికి ముందు కొనసాగుతున్న సహకారానికి కృతజ్ఞతగా ఒక స్థిరమైన వాక్యం ఉంటుంది, చివర మరొకటి. ఇంగ్లీషులో రాసినా ఇంటిపేరుకు ‘సాన్’ చేర్చి, ‘థాంక్యూ ఫర్ యువర్ కంటిన్యూడ్ సపోర్ట్’ అని మొదలుపెడితే ఆ అలవాటును గౌరవించినట్టవుతుంది. నేరుగా ‘లేదు, కుదరదు’ అని రాయించే ప్రశ్న వారికి ఇబ్బంది. ‘గురువారం కష్టమైతే ఏ రోజు వీలవుతుంది?’ అని అడిగితే కాదనకుండానే నిజం చెప్పే దారి దొరుకుతుంది. ‘డిఫికల్ట్’ అని జవాబొస్తే చాలాసార్లు అది కాదనడమేనని తెలుసుకోవాలి.

మెత్తదనం పనికిరాని సందర్భాలూ ఉన్నాయి. సర్వర్ కూలి వినియోగదారుల చెల్లింపులు ఆగిపోయినప్పుడు ‘ప్రొడక్షన్ ఈజ్ డౌన్. రోల్ బ్యాక్ ది 09:00 రిలీజ్ నౌ’ అనడమే సరి. ప్రమాద సమయంలో ఆజ్ఞను ఎవరూ అవమానంగా తీసుకోరు, ‘కుడ్ యూ’తోనే నిమిషాలు పోతాయి. భద్రత, చట్టం విధించిన నియమాలనూ ప్రశ్నగా అడగకూడదు. ‘పాస్‌వర్డ్ మార్చగలరా?’ అంటే మార్చకపోయినా ఫర్వాలేదన్న అర్థం వస్తుంది. అక్కడ ‘ఆల్ యూజర్స్ మస్ట్’ అని నియమం పేరుతో చెప్పడం వల్ల ఆజ్ఞ వ్యక్తి నుంచి కాక వ్యవస్థ నుంచి వస్తుంది.

రెండోసారి గుర్తుచేయడం దగ్గరే చాలా సంబంధాలు చెడతాయి. ‘జెంటిల్ రిమైండర్’ అన్న శీర్షిక తాను మృదువునని చాటుకుంటుంది గనుకనే గుచ్చుకుంటుంది. దానికి బదులు కొత్త సమాచారం ఇవ్వడం మంచిది: మిగతా పరీక్షలు పూర్తయ్యాయి, ఈ ఫైళ్ళొక్కటే మిగిలాయి, గురువారం మధ్యాహ్నం వరకు ఆగగలం. చదివేవారికి పని ఎక్కడ ఆగిందో తెలుస్తుంది, నిందా ఉండదు. మేనేజర్‌ను సీసీలో చేర్చక తప్పకపోతే ఆ సంగతి మెయిల్‌లోనే చెప్పాలి: విడుదల తేదీ మారే అవకాశం ఉంది కనుక ఫలానావారిని చేర్చాం అని.

స్వరం చెడిందని తెలిపే ఆనవాళ్ళు జవాబుల్లోనే కనిపిస్తాయి. ‘హాయ్’తో వచ్చే ఉత్తరాలు పలకరింపు లేకుండా రావడం, నాలుగు వాక్యాలు ‘నోటెడ్’ అన్న ఒక్క మాటకు కుదించుకుపోవడం, అడగకుండానే అవతలి మేనేజర్ సీసీలోకి రావడం. అప్పుడు ఇంకొక మెయిల్‌తో సర్దుబాటుకు పూనుకుంటే తరచు ఇంకా చిక్కుపడుతుంది. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ మొదలైనవారు 2005లో ప్రచురించిన ప్రయోగాల్లో, తమ స్వరం మెయిల్‌లో ఎంత బాగా అందుతుందో రాసినవారు అతిగా అంచనా వేశారు. రాసేటప్పుడు తమ గొంతు తమకు వినిపిస్తూ ఉంటుంది గనుక చదివేవారికి అది అందదన్న సంగతి తట్టదు. ఆ దశలో ఐదు నిమిషాల ఫోన్ కాలే మేలు. ‘నిన్నటి మెయిల్ అనుకున్నదానికంటే కటువుగా ఉన్నట్టుంది’ అని ముందు ఒక మాట చెప్పి పనిలోకి దిగవచ్చు. కాల్ ముగిశాక అనుకున్న తేదీని, సమయాన్ని అవతలి దేశపు గడియారం ప్రకారం రెండు వాక్యాల మెయిల్‌లో రాసి పంపాలి.